కీమత్-ఎ-ఖరీద్: పాత ఫోన్‌కు ధర కట్టే హిసాబ్ వెనక ఇరవై ఏళ్ల తారీఖ్

వరంగల్ మండిబజార్‌లో నా చిన్ననాటి దోస్త్‌కి మొబైల్ దుకాణ్ ఉంది. పాత ఫోన్లు కొంటాడు, బాగు చేస్తాడు, మళ్ళీ అమ్ముతాడు. పోయిన నెల ఒక సాయంత్రం అసర్ తర్వాత అక్కడ కూర్చొని చాయ్ తాగుతున్నాను. మా మొహల్లా ఖాలా ఒకావిడ దస్తీలో చుట్టిన ఫోన్ తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

"బేటా, రెండేళ్ల కింద పద్దెనిమిది వేలు పెట్టి కొన్నడు మావాడు. మనవరాలి ఫీజు కట్టాలె. ఎంతిస్తవ్?"

మావాడు ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాడు, ఏవేవో నొక్కాడు, కాగితం మీద నాలుగు అంకెలు వేశాడు. "అంతా సరిగ్గా ఉంటే నాలుగు వేల తొమ్మిది వందలు, ఖాలా" అన్నాడు.

ఆవిడ ముఖం చిన్నబోయింది. నా వైపు తిరిగి, "నువ్వు పేపర్‌ల రాస్తవు గదా, చెప్పు. ఇది ఇన్సాఫేనా?" అని అడిగింది.

నాకు జవాబు తోచలేదు. పద్దెనిమిది వేల వస్తువు రెండేళ్లకే అయిదు వేలు కూడా పలకకపోతే ఎవరికైనా మోసమనే అనిపిస్తుంది. ఆ రాత్రి దుకాణ్ షట్టర్ దించాక మావాడిని కూర్చోబెట్టి ఆ కాగితం గురించి అడిగాను. అందులో కొట్టేసిన ఒక్కో మొత్తం వెనక ఒక్కో సంవత్సరం ఉందని అప్పుడు అర్థమైంది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

ఉర్దూ మీడియం బడిలో చదివినవాళ్లకు నఫా-నుఖ్సాన్ లెక్కలు గుర్తుండే ఉంటాయి. ముందు కీమత్-ఎ-ఖరీద్ ఇస్తారు, దానికి నఫా కలిపితే కీమత్-ఎ-ఫరోఖ్త్ వస్తుంది. కొన్న ధర మొదట, అమ్మిన ధర చివర. పాత ఫోన్ల దుకాణ్‌లో ఈ లెక్క తలకిందులుగా నడుస్తుంది. ఇక్కడ ముందు తేలేది అమ్ముడుపోయే ధర. అందులోంచి ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలేదే కీమత్-ఎ-ఖరీద్. ఖాలా పెట్టిన పద్దెనిమిది వేలు ఈ లెక్కలో ఎక్కడా రాదు.

మావాడు ఈ పనిలోకి 2004లో వచ్చాడు. స్టేషన్ రోడ్‌లో ఒక ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరాడు. అంతకు ముందు ఏడాదే, 2003లో, రెండు సంగతులు జరిగాయి. రిలయన్స్ వాళ్లు జూలైలో 501 రూపాయలు కడితే చాలు ఫోన్ చేతికి అనే పథకం తెచ్చారు. ఆ ఏడాదే నోకియా 1100, అదే టార్చ్‌లైట్ ఫోన్, బయటకొచ్చింది. రెండూ ఇంటింటికీ చేరాయి. కానీ పాత ఫోన్ల బజార్‌లో వాటి తక్దీర్ వేరయింది. రిలయన్స్‌ది సీడీఎంఏ ఫోన్. అందులో సిమ్ మార్చి వేరే కంపెనీకి వాడుకునే వీల్లేదు, ఆ కంపెనీకే కట్టుబడి ఉండేది. నోకియాలో ఏ సిమ్ వేసినా మోగేది. అందుకే ఎవరైనా సీడీఎంఏ ఫోన్ తెస్తే ఉస్తాద్ చేతిలోకి కూడా తీసుకునేవాడు కాదట. నోకియాకు మాత్రం అప్పటికప్పుడు డబ్బు లెక్కపెట్టేవాడు. వస్తువు ఎంత బాగున్నా తర్వాత ఎవరి చేతిలో పనిచేస్తుందో చూడాలనేది మావాడు నేర్చుకున్న తొలి సబక్.

ఆ జమానాలో ఫోన్‌లో దాగి ఉండే ఐబ్ చాలా తక్కువ. పైకవర్ గీసుకుపోతే కొత్త హౌసింగ్ వేసేవాళ్లు. కీప్యాడ్ అరిగితే రబ్బరు పొర మార్చేవాళ్లు. మిగిలింది బ్యాటరీ. దానికి ఉస్తాద్ నేర్పిన పరీక్ష నాకు భలే నచ్చింది. బ్యాటరీ తీసి కౌంటర్ అద్దం మీద పడుకోబెట్టి వేలితో తిప్పాలి. మంచిదైతే అద్దానికి అతుక్కొని వెంటనే ఆగుతుంది. లోపల గ్యాస్ పట్టి ఉబ్బిందైతే బొంగరంలా తిరుగుతుంది. 2007 ఆగస్టులో నోకియా తన బీఎల్-5సీ బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు ఛార్జింగ్‌లో వేడెక్కవచ్చని, కోరినవారికి మార్చి ఇస్తామని ప్రకటించింది. ఆ తర్వాత గిరాకీలే బ్యాటరీ తీసి చూపించమని అడగడం మొదలుపెట్టారు. అప్పటి ధర మొత్తం కంటితో చూసి, చేత్తో తాకి తేల్చే ధర. ఇచ్చేవాడికి తెలిసిందీ కొనేవాడికి తెలిసిందీ ఇంచుమించు ఒకటే.

ఆ సమానత్వం పోవడం 2009లో మొదలైంది. ప్రతి ఫోన్‌కు ఐఎంఈఐ అని 15 అంకెల గుర్తింపు ఉంటుంది. అప్పట్లో చవకగా వచ్చిన చైనా ఫోన్లు చాలావాటిలో ఆ నంబర్ ఉండేదే కాదు, లేదంటే అన్నింటిలో ఒకటే నంబర్. సరైన ఐఎంఈఐ లేని ఫోన్లకు 2009 నవంబర్ 30 తర్వాత కాల్స్ కలపకూడదని ప్రభుత్వం కంపెనీలను ఆదేశించింది. రెండు సిమ్‌లు, పెద్ద స్పీకర్లు ఉన్న ఆ ఫోన్ల మీద దుకాణ్‌దార్లు పెట్టిన డబ్బు ఇరుక్కుపోయింది. కంటికి నిగనిగలాడే ఫోన్ కూడా లోపల ఒక నంబర్ లేకపోతే చెత్తేనని అప్పుడు తెలిసింది. ఫోన్ చేతికి రాగానే `*#06#` నొక్కడం ఆనాటి నుంచి అలవాటయింది. తెర మీద వచ్చే నంబర్, డబ్బా మీది నంబర్, బిల్లులోది, మూడూ కలవాలి.

తర్వాతి మలుపు తాళాలది. ఆపిల్ 2013లో ఐఓఎస్ 7తో యాక్టివేషన్ లాక్ తెచ్చింది. గూగుల్ 2015లో ఆండ్రాయిడ్ 5.1తో అలాంటిదే పెట్టింది. ఉద్దేశం మంచిదే. దొంగ ఫోన్‌ను బటన్లు నొక్కి బలవంతంగా రీసెట్ చేసినా, మళ్ళీ తెరిచేటప్పుడు అది పాత యజమాని ఖాతా వివరాలు అడుగుతుంది. అవి లేకుంటే ముందుకు కదలదు. కానీ ఈ తాళానికి దొంగ ఎవరో, పాస్‌వర్డ్ మరిచిపోయిన అమాయకుడు ఎవరో తెలియదు.

ఖాలా ఫోన్ విషయంలో జరిగిందే చూడండి. ప్యాటర్న్ గుర్తులేదని పక్కింటి అబ్బాయితో రీసెట్ చేయించి తెచ్చింది. సాఫ్ చేసి ఇస్తే ధర ఎక్కువ వస్తుందని ఆవిడ ఖయాల్. మావాడు తెరవగానే ఫోన్ పాత గూగుల్ ఖాతా అడిగింది. ఆ ఖాతా దమ్మామ్‌లో ఉన్న కొడుకుది. "అంతా సరిగ్గా ఉంటే" అని మావాడు అన్నది ఇందుకే. తాళం తీస్తే 4,900. తీయకపోతే అది ఫోన్ కాదు, విడిభాగాల మూట. డిస్‌ప్లే, కెమెరా, స్పీకర్ కలిపి పదిహేను వందలు. ఒక్క పాస్‌వర్డ్ ఖరీదు మూడు వేల నాలుగు వందలు.

అందుకే ఇంట్లో ఎవరైనా ఫోన్ అమ్మాలనుకుంటే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఖాతా తొలగించండి, ఆ తర్వాత సెట్టింగ్స్‌లోంచే రీసెట్ చేయండి. బటన్లు నొక్కి చేసే రీసెట్ జోలికి పోవద్దు. ఇంకా మంచి పద్ధతి, రీసెట్ చేయకుండానే దుకాణ్‌కు తీసుకెళ్లి కొనేవాడి కళ్ల ముందు చేయడం. అతనికి ఏతబార్, మీకు ధర.

ఈ తాళాలకు ఈమధ్య ఒక తమ్ముడు కూడా పుట్టాడు. కిస్తుల మీద అమ్మే ఫోన్లలో ఫైనాన్స్ కంపెనీ ఒక యాప్ వేసి ఇస్తుంది. కిస్తు ఆగితే దూరం నుంచే ఫోన్ మూసుకుపోతుంది. అమ్మేవాడు రెండు కిస్తులు బాకీ ఉంచి చల్లగా అమ్మేసి వెళ్తే, మూడో నెలలో మూసుకునేది పాపం కొత్తగా కొన్నవాడి ఫోన్. కాబట్టి రీసెట్ అయ్యాక నెట్ కలిపి, ఈ ఫోన్ ఫలానా సంస్థ అధీనంలో ఉందన్న మాట తెర మీద వస్తుందేమోనని మావాడు ఆగి చూస్తాడు. కిస్తుల మీద కొన్నదైతే బాకీ తీరిందన్న కాగితం అడుగుతాడు.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చినప్పుడు పాఠం మరో రకంగా అందింది. అప్పట్లో జియో నెట్‌వర్క్ పూర్తిగా 4జీది. ఫోన్లో 4జీ లేకపోతే ఆ సిమ్ పనిచేయదు. మావాడి అల్మారాలో అప్పటికి పదకొండు 3జీ స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి. ఒక్కదానికీ ఐబ్ లేదు, అన్నీ అద్దంలా ఉన్నాయి. కానీ అడిగే గిరాకీ లేడు. ఫ్రీ ఇంటర్నెట్ దొరుకుతుంటే అది అందని ఫోన్ ఎవరికి కావాలి? సగం ధరకు వదిలించుకున్నాడట. పాత ఫోన్ బియ్యం బస్తా కాదని, దాచిన కొద్దీ ధర కరుగుతుందని అప్పుడు నేర్చుకున్నాడు. అందుకే ఇప్పుడు దసరా, దీపావళి ముందు కొనడం తగ్గిస్తాడు. పండగ సేల్‌లో కొత్త ఫోన్ పదిన్నర వేలకు దిగితే, అల్మారాలోని పాత ఫోన్‌ను తొమ్మిదిన్నర వేలకు కొనేవాడు ఉండడు. పాత ఫోన్ ధరకు పైకప్పు అలాంటి కొత్త ఫోన్ ధరే.

అన్నింటికంటే గట్టి దెబ్బ 2023లో తగిలింది. పోయిన ఫోన్ల ఐఎంఈఐలను అన్ని కంపెనీల నెట్‌వర్కుల్లో ఒకేసారి ఆపేసే సీఈఐఆర్ వ్యవస్థ ఆ ఏడాది మే 17న దేశమంతటికీ వచ్చింది. తెలంగాణ పోలీసులు దాన్ని అంతకు ముందు నెలలోనే వాడడం మొదలుపెట్టారు. ఫిర్యాదు నమోదైన ఫోన్‌లో ఎవరైనా కొత్త సిమ్ వేస్తే ఆ సంగతి పోలీసులకు తెలుస్తుంది. ఆ వేసవిలో ఒక కుర్రాడు, అబ్బాకు బాగాలేదు, దవాఖానాకు డబ్బు కావాలంటూ వచ్చాడు. బిల్లు లేదు, డబ్బా లేదు. మావాడు జాలిపడి ఆరు వేలిచ్చాడు. బాగు చేసి ఎనిమిదిన్నర వేలకు ఒక ఆటో అన్నకు అమ్మాడు. నెల తిరక్కుండా ఆ అన్నకు ఠాణా నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ అసలు యజమానికి వెళ్లింది, వెళ్లాల్సిందే. ఆటో అన్న డబ్బు మావాడు తిరిగి ఇచ్చాడు. ఇచ్చిన కుర్రాడు మళ్ళీ కనపడలేదు. "పైసలు పోయినందుకు కాదు యార్, ఠాణా బెంచీ మీద కూర్చున్న ఆ మూడు గంటలు మరవలేను" అన్నాడు. దొంగసొమ్మని తెలిసి, లేదా నమ్మడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే పాత చట్టంలో 411 సెక్షన్, 2024 జూలై నుంచి కొత్త న్యాయ సంహితలో 317 సెక్షన్ వర్తిస్తాయి. తెలియక కొన్నానని రుజువు చేసుకోవడానికి చేతిలో ఒక కాగితమైనా ఉండాలి కదా.

అప్పటి నుంచి మావాడి దగ్గర ఒక రిజిస్టర్ ఉంది. అమ్మినవాళ్ల పేరు, ఆధార్ నకలు, ఐఎంఈఐ, తారీఖు, దస్తఖత్. డబ్బు ఇచ్చే ముందు `KYM` అని రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ కొట్టి 14422కు ఎస్ఎంఎస్ పంపుతాడు. జవాబులో ఆ నంబర్ ఏ కంపెనీ, ఏ మోడల్ ఫోన్‌దో వస్తుంది. చేతిలో ఒక మోడల్ ఉండి జవాబులో మరొకటి వస్తే ఆ నంబర్ మార్చారని, లేదా లోపలి బోర్డు వేరే ఫోన్‌దని అర్థం. అలాంటిదాన్ని ఏ ధరకూ తీసుకోడు. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికాం చట్టం కింద మూడేళ్ల జైలు దాకా వెళ్లే నేరం. అయితే ఈ తహకీక్‌కూ హద్దుంది. నిన్న రాత్రి పోయిన ఫోన్ మీద ఇంకా ఫిర్యాదు నమోదు కాకపోతే ఎస్ఎంఎస్‌లో ఏ తప్పూ కనిపించదు. అందుకే బిల్లు లేని ఫోన్‌కు అయిదు వందలు తగ్గిస్తాడు, వివరాలు ఇవ్వనంటే పూర్తిగా వదిలేస్తాడు.

ఇప్పుడు ఖాలా ఫోన్ హిసాబ్‌కు వద్దాం. బిల్లూ డబ్బా రెండూ తెచ్చింది కాబట్టి ఆ అయిదు వందల కోత పడలేదు. అదే మోడల్‌ను మావాడు ముందు నెలలో రెండు అమ్మాడు, రెండూ 8,500కే పోయాయి. ఆన్‌లైన్‌లో పదకొండు వేలని పెట్టినవాళ్లు ఉన్నారు కానీ అది అడిగే ధర, అమ్ముడైన ధర కాదు. అందుకని 8,500 దగ్గర మొదలుపెట్టాడు. తెల్లటి తెర పెట్టి చూస్తే గీతలు, మరకలు లేవు. వేలిముద్ర, కెమెరా, రెండు సిమ్‌లు, స్పీకర్ నడుస్తాయో లేదో తాళం తీశాకే తేలుతాయి. బ్యాటరీ నీరసించింది, వెనక ప్యానెల్ మూలన పగిలింది. ఈ రెండింటి ఖరీదు, బిగించే పని కలిపి 1,500. నెల రోజుల వారంటీ ఇస్తాడు. పది ఫోన్లలో ఒకటి వాపసు వస్తుందని, దాన్ని బాగు చేయడానికి సుమారు రెండున్నర వేలు అవుతుందని తన రిజిస్టర్ చెబుతోంది. ఆ భారం పదింటికీ పంచితే ఒక్కోదానికి 250. దుకాణ్ కిరాయి, పిల్లవాడి జీతం, తన మునాఫా కలిపి 1,200. ఇక పన్ను. వాడిన వస్తువుల వ్యాపారికి జీఎస్టీ మొత్తం ధర మీద కాదు, కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీదే పడేలా 2017 నిబంధనల్లో వీలుంది. ఆ తేడా 3,600 అయితే 18 శాతం చొప్పున సుమారు 650. అన్నీ కలిపితే 3,600. ఎనిమిదిన్నర వేలలోంచి అవి పోతే 4,900.

లెక్క విన్నాక నేనొక మాట అడిగాను. "మరి ఇందులో నీ భయం ఎక్కడుంది?"

మావాడు నవ్వాడు. భయం వేరే గీతగా రాయరట. అది అన్నింటిలో కొంచెం కొంచెం కలిసి ఉంటుంది. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియనిది ఎంత ఎక్కువ ఉంటే ధర అంత తగ్గుతుంది. జార్జ్ ఆకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజార్ మీద ఇదే సంగతి రాశాడు. కొనేవాడు మంచి కారేదో చెడ్డదేదో పోల్చుకోలేక అన్నింటికీ చెడ్డదాని భయంతోనే ధర కడతాడు. ఆ ధరకు గిట్టక మంచి కార్లవాళ్లు బజార్‌కే రారు, చివరికి చెడ్డవే మిగులుతాయి. ఆ పనికి ఆయనకు 2001లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. మండిబజార్‌లో దీని అర్థం ఏమిటంటే, ఆ కుర్రాడి అబద్ధానికి జుర్మానా ఇప్పుడు బిల్లు పోగొట్టుకున్న ప్రతి ఇమాన్‌దార్ మనిషీ కడుతున్నాడు, తలా అయిదు వందలు.

ఇక్కడే నా మనసులో ఇంకో ప్రశ్న మెదిలింది. ఉదయం కొనేవాడిగా ఉన్న దుకాణ్‌దార్ సాయంత్రం అమ్మేవాడవుతాడు. ఉదయం తెలియనివాడు తను, సాయంత్రం అన్నీ తెలిసినవాడు తనే. మన ఫిఖ్హ్‌లో ఖియార్-ఎ-ఐబ్ అని ఒకటుంది. వస్తువులో దాచిన ఐబ్ తర్వాత బయటపడితే తిరిగి ఇచ్చేసే హక్కు కొన్నవాడికి ఉంటుంది. మరి బ్యాటరీ నీరసించిందని, ప్యానెల్ పగిలిందని ఖాలాకు చూపించి ధర తగ్గించాడు కదా. కొత్త గిరాకీకి ఆ మాట చెబుతాడా?

నా ప్రశ్నకు మావాడు మాట్లాడలేదు. అల్మారా తెరిచి ఒక ఫోన్ తీసి ఇచ్చాడు. దాని వెనక చిన్న చిట్టీ అంటించి ఉంది, ఉర్దూలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస. "బ్యాటరీ మార్చాం, కంపెనీది కాదు. డిస్‌ప్లే అసలుదే. ఎడమ మూలన చిన్న సొట్ట." ఆటో అన్న సంగతి జరిగిన తర్వాత మొదలుపెట్టాడట. మొదట్లో గిరాకీలు చిట్టీ చూసి వెనక్కి వెళ్లేవాళ్లు. ఇప్పుడు కొందరు చిట్టీ ఉందని వెతుక్కుంటూ వస్తున్నారు. అందరూ రారు, పక్క దుకాణ్‌లో చిట్టీ లేని ఫోన్ రెండు వందలు తక్కువకు దొరికితే అటే పోయేవాళ్లూ ఉన్నారు. ఆ నుఖ్సాన్ కూడా హిసాబ్‌లోదే అన్నాడు.

ఖాలా సంగతి చెప్పనే లేదు. ఆ సాయంత్రమే దమ్మామ్‌కు ఫోన్ కలిపాం. డ్యూటీలో ఉన్న కొడుకు గంట తర్వాత దొరికాడు. పాస్‌వర్డ్ వాళ్ల అమ్మీకే చెప్పాడు, మావాడు కౌంటర్ అవతల నిలబడ్డాడు. తన ఫోన్‌కు వచ్చిన ప్రశ్నకు అతను అక్కడి నుంచి ఔనన్నాడు, తాళం ఊడింది. మిగతా పరీక్షలన్నీ సరిపోయాయి. వెంటనే ఆ ఖాతా తొలగించి, ఆవిడ ముందే మళ్ళీ రీసెట్ చేసి, రిజిస్టర్‌లో దస్తఖత్ తీసుకొని 4,900 లెక్కపెట్టాడు మావాడు.

ఖాలా నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఇన్సాఫేనా అని నన్ను మళ్ళీ అడగలేదు. మెట్లు దిగబోతూ ఆగి మావాడితో అంది, "బేటా, దీని వెనక కూడ చిట్టీ అంటిస్తవ్ గదా? మూలన పగిలిందని రాయి. నా చేతిలోనే పడ్డది."